పడవ లెక్క మొదట పెట్టకండి: ప్రశ్నపత్రాన్ని తేలిక నుంచి కష్టానికి పేర్చడం ఎలా

ఒకసారి పదో తరగతికి వర్గ సమీకరణాల మీద పాతిక మార్కుల స్లిప్ టెస్టు పెడుతూ పడవ లెక్కను మొదటి ప్రశ్నగా ఇచ్చాను. కావాలని చేసింది కాదు. ముందురోజు క్లాసులో అదే చెప్పాను కాబట్టి మనసులో అదే ఉంది, కూర్చోగానే అదే టైపు చేశాను. పేపర్లు పంచి చూస్తే మూడో బెంచీలో ఒక అమ్మాయి పెన్ను మూత తీసి పట్టుకుని, పది నిమిషాలు ఆ ఒక్క లెక్కనే మళ్లీ మళ్లీ చదువుతూ ఉండిపోయింది. ఆ తర్వాత దాన్ని వదిలేసి ముందుకు వెళ్లింది కానీ, రోజూ చేసే కారణాంకాల లెక్కలో కూడా ప్లస్సులు, మైనస్సులు తారుమారు చేసింది. మర్నాడు బోర్డు దగ్గరకు పిలిచి అదే కారణాంకాల లెక్క ఇస్తే నిమిషంలో చేసేసింది. అంటే పిల్లకు లెక్క వచ్చు, నేను పేపరు పేర్చిన తీరు వల్ల అది బయటికి రాలేదు.

ఇలా ఎందుకు అవుతుందంటే, లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చే అంకెలను, గుర్తులను మనసులో కాసేపు పట్టి ఉంచుకోవాలి, ఆ పట్టి ఉంచుకునే చోటు ఎవరికైనా చిన్నదే. "ఇది రావట్లేదు, ఇక మిగతావి కూడా రావేమో" అనే ఆలోచన కూడా ఆ చోటులోకే వచ్చి కూర్చుంటుంది. గణితమంటే భయం ఎక్కువగా ఉన్నవాళ్లకు లెక్క చేస్తున్నప్పుడు ఈ తాత్కాలిక జ్ఞాపకం తగ్గుతుందని మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. కాబట్టి భయం ముందే మొదలైతే ఆ తర్వాత వచ్చే తేలిక లెక్క కూడా ఆ పిల్లకు తేలికగా ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా మీరు సొంతంగా తయారుచేసే స్లిప్ టెస్టులు, యూనిట్ టెస్టుల గురించి. వర్గ సమీకరణాల టెస్టునే ఉదాహరణగా తీసుకుంటాను. పాతిక మార్కులు, 45 నిమిషాల పీరియడ్, పది ప్రశ్నలు.

ముందు ప్రశ్నలు రాయండి, వరుస గురించి అప్పుడే ఆలోచించకండి

చాలామంది నేరుగా కంప్యూటర్లో 1, 2, 3 అని నంబర్లు వేసుకుంటూ టైపు చేస్తారు. అలా చేస్తే మనకు ఏది ముందు గుర్తొచ్చిందో, పాఠంలో ఏది ముందుందో అదే పేపరులో ముందుకొస్తుంది. పాఠంలో ముందున్నది తేలికైనది కానక్కరలేదు. అందుకని ఒక్కో ప్రశ్నను ఒక్కో చీటీ మీద రాయండి. పాత నోటుబుక్కు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసుకుంటే చాలు. చీటీలైతే బల్ల మీద పరిచి అటూ ఇటూ జరపవచ్చు. కంప్యూటర్లో ఒకసారి నంబరు పడ్డాక దాన్ని మార్చడానికి చెయ్యి రాదు, నాకైతే ఎప్పుడూ రాలేదు.

ఏది కష్టమో మీ మనసును అడక్కండి, పిల్లల పేపర్లను అడగండి

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మనకు అన్నీ తేలికగానే కనిపిస్తాయి. నిజంగా ఏది తేలికో తెలియాలంటే పోయినేడాది పేపర్లో, వేరే సెక్షన్ పేపర్లో తీసి లెక్కపెట్టాలి. అదేమంత పెద్ద పని కాదు. 40 మంది రాసిన పేపర్లలో ఒక బిట్‌ను 36 మంది సరిగ్గా రాశారనుకోండి, 36ను 40తో భాగిస్తే 0.9 వస్తుంది. ఇంకో ప్రశ్నను 14 మందే సరిగ్గా చేశారనుకోండి, అది 0.35. నాలుగు మార్కుల లెక్కకైతే అందరికీ వచ్చిన మార్కులు కూడి సగటు తీయండి, ఆ సగటును నాలుగుతో భాగించండి. సగటు 2.4 అయితే 0.6 అన్నమాట. సంఖ్య ఒకటికి దగ్గరగా ఉంటే తేలిక, సున్నాకు దగ్గరగా ఉంటే కష్టం. ప్రశ్నను అసలు ముట్టుకోని వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి, వాళ్లను వదిలేస్తే కష్టమైన ప్రశ్న తేలికగా కనిపిస్తుంది. ఆ సంఖ్యను చీటీ మూల మీద పెన్సిల్‌తో రాసుకోండి.

పాత పేపర్లు లేకపోతే ప్రశ్నను చూసి అంచనా వేయాల్సిందే. అప్పుడు నేను మూడు విషయాలు చూస్తాను. జవాబు రావడానికి ఎన్ని మెట్లు పడతాయి, పిల్లలు ఇలాంటి రూపాన్ని ఇంతకుముందు ఎన్నిసార్లు చేశారు, లెక్క మొదలుపెట్టడానికి ముందు ఎంత చదివి అర్థం చేసుకోవాలి. మొదటిది మనందరం చూస్తాం. మిగతా రెండు చూడం, అక్కడే అంచనా తప్పుతుంది.

√2 కరణీయ సంఖ్య అని నిరూపించమనే ప్రశ్ననే చూడండి. ఆలోచనగా చూస్తే అది బరువైనది, ముందు ఒకటి అనుకుని అది చెల్లదని తేల్చాలి. కానీ మన పిల్లలు దాన్ని తొమ్మిదిసార్లు చూడకుండా రాసి ఉంటారు కాబట్టి పరీక్షలో అది వాళ్లకు తేలిక ప్రశ్నే. అదే "సమాన మూలాలుంటే k విలువ ఎంత" అనే ప్రశ్న రెండు లైన్లలో అయిపోతుంది కదా అని మనం తేలిక వైపు పెట్టేస్తాం. x² + kx + 9 = 0 ఇస్తే k² = 36 దాకా బాగానే వచ్చి, అక్కడ k = 6 అని రాసి వదిలేసేవాళ్లు సగం మంది ఉంటారు, –6 గుర్తుకు రాదు. ఇంకొందరికి తెలియాల్సిన అక్షరం x కాకుండా k అనేదే కొత్తగా ఉంటుంది, ఏం కనుక్కోవాలో అర్థం కాదు.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. మార్కులు తక్కువ ఉంటే తేలిక, ఎక్కువ ఉంటే కష్టం అనుకుంటాం. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణితం పబ్లిక్ పేపరులో ఒక మార్కు ప్రశ్నలు ముందు, ఎనిమిది మార్కులవి చివర వస్తాయి కాబట్టి అదే మెట్ల వరుస అనిపిస్తుంది. కానీ మార్కులు చెప్పేది ఎంత రాయాలో మాత్రమే. ఒక మార్కు బిట్లలో క్లాసు మొత్తం తప్పు చేసేది ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అది ఒకటో నంబరులో పడితే మార్కుల ప్రకారం పేర్చిన పేపరు కూడా భయపెడుతుంది. స్కూలు పేపరుకు మీ దగ్గర బ్లూప్రింట్ ఉండి, ఏ విభాగంలో ఎన్ని మార్కులో ముందే నిర్ణయమై ఉన్నా ఫర్వాలేదు, విభాగం లోపల వరుస మీ చేతిలోనే ఉంటుంది.

మొదటి ప్రశ్నను విడిగా ఎంచుకోండి

చీటీలన్నిటిలో తేలికైనది ఒకటో ప్రశ్న అని సరిపెట్టేయకండి. మొదటి ప్రశ్నకు ఇంకో షరతు ఉంది, అందులో ఉచ్చు ఉండకూడదు. పిల్ల రాసిన వెంటనే "ఇది కచ్చితంగా కరెక్టే" అని తనకు తానుగా తెలియాలి. ఆ నమ్మకం కోసమే కదా మనం ఈ వరుస పెడుతున్నది.

నా చీటీల్లో (x – 3)(x + 5) = 0 మూలాలు రాయమనే బిట్ ఉంది. చూడ్డానికి ఒక్క లైను. కానీ 3, –5 అని రాయాల్సిన చోట కనిపించిన గుర్తులే దించి –3, 5 అని రాసేవాళ్లు చాలామంది, రాసినవాళ్లకు కూడా "ఇదేనా, అదా" అని అనుమానం మిగులుతుంది. కాబట్టి అది మూడో స్థానానికి వెళ్లింది. 2x² – 5x + 3 = 0లో a, b, c విలువలు రాయమనేది ఇంకా తేలికే కానీ అందులో b = –5 అనే దగ్గర మైనస్ ఎగిరిపోతుంది. అందుకని ఆ సమీకరణాన్నే 2x² + 5x + 3 = 0గా మార్చి ఒకటో ప్రశ్న చేశాను. అన్నీ ప్లస్సులే, మూడు అంకెలు దించి రాయడమే. ఇది మరీ తేలిక అని సాటి ఉపాధ్యాయులు అంటారు. ఒక్క మార్కుకు ఆ తేలిక ఇవ్వడం నాకు నష్టంగా అనిపించదు, ఎందుకంటే ఆ మార్కు వల్ల చెయ్యి కదలడం మొదలవుతుంది.

రెండోది x = 2 అనేది x² – 5x + 6 = 0కు మూలమేనా సరిచూడమనేది. 4 – 10 + 6 అంటే సున్నా, సరిపోయింది. తను చేసింది సరైందో కాదో ప్రశ్నే చెబుతుంది కాబట్టి రెండో స్థానానికి ఇంతకంటే మంచిది దొరకదు.

తర్వాత మెట్లు వేయండి, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఉంచండి

ఇప్పుడు చీటీలన్నీ పెన్సిల్ సంఖ్యల ప్రకారం పరచండి. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఎత్తు మరీ ఎక్కువ ఉందేమో చూడండి. 0.9, 0.85, 0.8 అని వచ్చి ఒక్కసారిగా 0.3కు పడిపోతే అది మెట్టు కాదు, గోడ. అక్కడ పిల్ల ఆగిపోతుంది. మధ్యలో 0.6 దగ్గర ఉండే ప్రశ్న ఒకటి వేయండి, లేదంటే ఆ కష్టమైన దాన్ని వెనక్కి జరపండి. అలాగని ప్రతి ప్రశ్నా ముందుదాని కంటే కష్టంగా ఉండాలని కూడా పట్టుదల వద్దు. ఒక గట్టి ప్రశ్న తర్వాత చేయి తిరిగిన మామూలు లెక్క ఒకటి వస్తే, ముందుది వదిలేసిన పిల్ల కూడా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

నా టెస్టు చివరికి ఇలా తయారైంది.

ఒక మార్కు ప్రశ్నలు
1. 2x² + 5x + 3 = 0లో a, b, c విలువలు రాయండి.
2. x = 2 అనేది x² – 5x + 6 = 0కు మూలమేనా? సరిచూడండి.
3. (x – 3)(x + 5) = 0 మూలాలు రాయండి.
4. x² – 4x + 4 = 0 విచక్షణి ఎంత?

రెండు మార్కుల ప్రశ్నలు
5. x² – 7x + 12 = 0ను కారణాంకాల పద్ధతిలో సాధించండి.
6. 3x² – 2x + 1 = 0 మూలాల స్వభావం ఏమిటి?
7. x² + kx + 9 = 0కు సమాన మూలాలుంటే k విలువలు కనుక్కోండి.

నాలుగు మార్కుల ప్రశ్నలు
8. 2x² – 7x + 3 = 0ను సూత్రం ఉపయోగించి సాధించండి.
9. వరుసగా వచ్చే రెండు ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290. ఆ సంఖ్యలు ఏవి?

ఏడు మార్కుల ప్రశ్న
10. పడవ లెక్క.

ఏడో ప్రశ్న నుంచి ఎనిమిదికి వచ్చేసరికి మార్కులు పెరిగాయి కానీ కష్టం తగ్గింది, చూశారా. సూత్రంలో అంకెలు వేస్తే విచక్షణి 25 వస్తుంది, మూలాలు 3, 1/2. k దగ్గర చిక్కుకున్నవాళ్లకు ఊపిరి తీసుకునే చోటు అదే. ఏడో ప్రశ్నలో "k విలువ" అని కాకుండా "k విలువలు" అని రాయడం కూడా కావాలనే చేశాను, రెండున్నాయనే సూచన ఆ ఒక్క అక్షరంలో ఉంది. నాలుగు, ఆరు, ఏడు ప్రశ్నలు మూడూ విచక్షణి మీదే నడుస్తాయి. ముందు ఊరికే కనుక్కోవడం, తర్వాత దాన్ని బట్టి మూలాల స్వభావం చెప్పడం, ఆ తర్వాత వెనక్కి నడిచి k పట్టుకోవడం. ఇలా ఒకే విషయం పలచగా మొదలై చిక్కబడితే ముందు ప్రశ్నే తర్వాతి ప్రశ్నకు జ్ఞాపకం తెప్పిస్తుంది. కానీ ముందు ప్రశ్న జవాబు తర్వాతి ప్రశ్నలో వాడాల్సి రాకూడదు, అలా వస్తే ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష పడుతుంది.

కష్టమైన ప్రశ్న లోపల కూడా మెట్లు వేయండి

పడవ లెక్క మామూలుగా ఇలా ఉంటుంది. నిశ్చల నీటిలో పడవ వేగం గంటకు 18 కిలోమీటర్లు. 24 కిలోమీటర్లు ప్రవాహానికి ఎదురుగా వెళ్లడానికి, అంతే దూరం ప్రవాహంతో పాటు రావడానికి పట్టిన కాలం కంటే ఒక గంట ఎక్కువ పట్టింది. ప్రవాహ వేగం ఎంత? దీన్ని ఇలాగే ఏడు మార్కులకు ఇస్తే వచ్చినవాళ్లకు ఏడు, రానివాళ్లకు సున్నా. వేగం, దూరం, కాలం సంబంధం తెలిసి సమీకరణం దగ్గర ఆగిపోయిన పిల్లకూ సున్నాయే.

నేను దీన్ని మూడు ముక్కలు చేశాను. (అ) ప్రవాహ వేగం x అనుకుంటే ఎదురు వెళ్లడానికి, వాలులో రావడానికి పట్టే కాలాలను xలో రాయండి, 2 మార్కులు. (ఆ) దీని నుంచి x² + 48x – 324 = 0 అని చూపండి, 2 మార్కులు. (ఇ) ఆ సమీకరణాన్ని సాధించి ప్రవాహ వేగం కనుక్కోండి, 3 మార్కులు.

(ఆ)లో "సమీకరణం రాయండి" అనకుండా సమీకరణాన్నే ఇచ్చి "అని చూపండి" అనడంలోనే కిటుకంతా ఉంది. (అ), (ఆ) రెండూ రాకపోయినా (ఇ) చేయవచ్చు. వర్డ్ ప్రాబ్లం అనగానే వదిలేసే పిల్లలకు అందులో మూడు మార్కులు అందుబాటులోకి వస్తాయి, ఆ సంగతి క్లాసులో ఒకసారి చెప్పి ఉంచండి, లేకపోతే (అ) రాలేదని మొత్తం వదిలేస్తారు. (ఇ) కూడా మరీ తేలికేం కాదు. లబ్ధం 324, తేడా 48 వచ్చే జత కోసం కారణాంకాలు వెతికితే 54, 6 దొరకడానికి చాలా సేపు పడుతుంది, సూత్రంలో వేస్తే విచక్షణి 3600, దాని వర్గమూలం 60, టక్కున 6 వచ్చేస్తుంది. –54ను ఎందుకు వదిలేశామో రాయడం చివరి మెట్టు. బాగా చదివే పిల్లలకు పరీక్ష అక్కడ ఉంది, కాబట్టి ముక్కలు చేయడం వల్ల ప్రశ్న పలచబడింది అనుకోనక్కరలేదు.

కాలం చూసుకోండి, కాగితం మీద చోటు కూడా చూసుకోండి

ఈ వరుసలో ఒక ప్రమాదం ఉంది. తేలికవి ముందుంటే భయపడే పిల్లలు వాటి దగ్గరే ఉండిపోతారు. వచ్చిన లెక్కను అందంగా రాసి, అండర్‌లైన్ కొట్టి, మళ్లీ సరిచూసుకుంటూ కూర్చుంటారు. అప్పుడు చివర్లో పెట్టిన పెద్ద లెక్కకు సమయం మిగలదు, అన్నీ వచ్చిన పిల్ల కూడా అక్కడ నష్టపోతుంది. 45 నిమిషాల్లో పేపర్లు పంచడానికి, తీసుకోవడానికి ఐదు నిమిషాలు పోతే 40 మిగులుతాయి. బిట్లకు 4, రెండు మార్కులవాటికి 9, నాలుగు మార్కులవాటికి 12, పడవకు 10 వేసుకుంటే ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి. మీరు సొంతంగా పేపరు చేసి చూసుకోండి, మీకు పట్టిన సమయానికి కనీసం మూడు రెట్లు పిల్లలకు ఇవ్వాలనేది నా అలవాటు. రాయడం మొదలైన పదిహేను నిమిషాలకు "నాలుగు మార్కుల లెక్కల్లోకి వెళ్లండి" అని ఒక్కసారి, మెల్లగా చెప్పండి. గంటకు ముందు ఐదేసి నిమిషాలకోసారి అరవకండి, కుదురుకున్న పిల్లలు మళ్లీ చెదిరిపోతారు.

ఇక కాగితం సంగతి. టెన్షన్ ఎక్కువగా ఉన్న పిల్లలు రాయకముందే పేపరంతా పై నుంచి కింది దాకా చూస్తారు. మీరు ఎంత జాగ్రత్తగా పేర్చినా ఏడు మార్కుల పడవ లెక్క అదే పేజీలో కళ్లెదురుగా ఉంటే లాభం లేదు. దాన్ని వెనక పేజీలో వేయండి. అయితే ముందు పేజీ చివర "పేజీ తిప్పండి, పదో ప్రశ్న వెనక ఉంది" అని పెద్ద అక్షరాలతో రాయడం మరచిపోవద్దు, వెనక ప్రశ్న ఉందని తెలియక వదిలేసినవాళ్లను నేను చూశాను. ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి ఉన్నాయని పేపరు మీద రాయకండి. రాస్తే "ఇంక మీదన్నీ మనకు రావు" అని ఏడో ప్రశ్న దగ్గరే కొందరు పెన్ను కింద పెట్టేస్తారు, ఎనిమిదోది వాళ్లకు వచ్చిన లెక్కే అయినా సరే.

ఏ, బీ సెట్లు చేయాల్సి వస్తే

పక్కవాళ్లది చూసి రాస్తారని ప్రశ్నలను కలిపేసి రెండు సెట్లు చేస్తాం. అలా కలిపితే ఒక సెట్ రాసేవాళ్లకు మెట్లు, ఇంకో సెట్ వాళ్లకు గోడ వస్తుంది, ఇది అన్యాయం. వరుస అలాగే ఉంచి అంకెలు మార్చండి, కానీ అంకెలు మారిస్తే కష్టం మారకుండా చూసుకోవాలి. x² – 7x + 12 = 0 బదులు x² – 8x + 15 = 0 ఇవ్వవచ్చు, రెండింటిలో ఒకే రకం గుర్తులు. x² – x – 12 = 0 ఇస్తే ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు పడాలి, అది ఒక మెట్టు పైది. అలాగే ఎనిమిదో ప్రశ్నలో చివరి 3ను 4 చేస్తే చిన్న మార్పే అనిపిస్తుంది కానీ విచక్షణి 17 అయిపోతుంది, వర్గమూలం తెగదు, పిల్లలు తప్పు చేశామనుకుని మొదటికొస్తారు. ప్రతి సెట్‌నూ పూర్తిగా చేసి చూడకుండా జిరాక్సుకు పంపకండి.

దీనివల్ల ఏం మారుతుంది, ఏం మారదు

సమయం ధారాళంగా ఉన్న పరీక్షలో వరుస మార్చినంత మాత్రాన క్లాసు సగటు మార్కులు పెద్దగా పెరగవు. యానా వైన్‌స్టీన్, హెన్రీ రోడిగర్ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలికవి ముందు వచ్చిన పేపరు రాసినవాళ్లు తాము ఇంకా బాగా రాశామని అనుకున్నారు కానీ, నిజంగా వచ్చిన మార్కుల్లో అంత తేడా లేదు. నేను దీన్ని తక్కువ లాభంగా చూడను. గణితం పేపరు రాసి బయటికొచ్చి "పర్లేదు, రాశాను" అనుకున్న పిల్ల తర్వాతి పాఠానికి పుస్తకం తెరుస్తుంది. కానీ రాని లెక్క వరుస వల్ల రాదు, కాబట్టి పాఠం సరిగ్గా అందని క్లాసుకు పేపరు పేర్చుకుంటూ కూర్చోవడం కంటే ఇంకో రెండు పీరియడ్లు చెప్పడం మేలు. మార్కుల్లో తేడా కనిపించేది ఎక్కువగా సమయం చాలని పేపర్లలో, మొదటి లెక్కతోనే చిక్కుపడి మిగతావాటికి సమయం పోగొట్టుకునే ఆ కొద్దిమందికి.

ఇంకొకటి, జనవరి దాటాక నేను ఈ వరుసను కావాలనే కొంచెం చెదరగొడతాను. ప్రవేశ పరీక్షల్లో ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి పేర్చి రావు, పబ్లిక్ పరీక్షలోనూ విభాగం లోపల ఏది ముందొస్తుందో మన చేతిలో ఉండదు. అప్పటికి పిల్లలే పేపరు చదివి, తమకు వచ్చినదాన్ని వెతికి పట్టుకుని మొదలుపెట్టడం రావాలి. ఏపీ పదో తరగతి పరీక్షలో పేపరు చదువుకోవడానికి పదిహేను నిమిషాలు ఇస్తారు కదా, ఆ సమయంలో వచ్చిన ప్రశ్నల పక్కన చుక్క పెట్టుకోమని, ఆ చుక్కలతోనే మొదలుపెట్టమని ప్రీఫైనల్స్‌లో చేయిస్తాను. జూన్ నుంచి డిసెంబరు దాకా మెట్లు నేను వేస్తాను, ఆ తర్వాత మెట్లు వాళ్లు వెతుక్కుంటారు.

టెస్టు అయ్యాక సరిచూడండి

టెస్టు జరుగుతున్నప్పుడే మొదటి ఐదు నిమిషాలు తల ఎత్తి చూడండి. వరుస కుదిరితే రెండు నిమిషాలకల్లా దాదాపు అందరి పెన్నులూ కదులుతుంటాయి. పెన్ను కదలనివాళ్లు నలుగురైదుగురి కంటే ఎక్కువ ఉంటే ఒకటో ప్రశ్నలో ఏదో ఉందని అర్థం, ఒక్కోసారి లెక్క కాదు, వాక్యం అర్థం కాకపోవచ్చు.

దిద్దేటప్పుడు ఖాళీగా వదిలిన ప్రశ్నలను రెండు రకాలుగా గుర్తు పెట్టుకోండి. ఏడు వదిలేసి ఎనిమిది చేశారంటే ఏడు వాళ్లకు కష్టమైంది. తొమ్మిది నుంచి చివరి దాకా అన్నీ ఖాళీ అంటే సమయం చాల్లేదు. రెండోరకం ఎక్కువగా ఉంటే వరుస మార్చడం కాదు, ఒక ప్రశ్న తీసేయాలి. ఆ తర్వాత మొదట చెప్పినట్టే ప్రతి ప్రశ్నకూ సంఖ్య కట్టండి. పక్కపక్క ప్రశ్నలు అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు, ఒకే టెస్టులో అలాంటి చిన్న తేడాలు వస్తూనే ఉంటాయి. ఒక ప్రశ్న మీరు అనుకున్న చోటు నుంచి మూడు స్థానాలు జరిగితే మాత్రం చీటీ తీసి కొత్త సంఖ్య రాయండి, పక్కన కారణం కూడా నాలుగు మాటల్లో రాసుకోండి. నా ఆరో ప్రశ్న చీటీ మీద "(–2)²ను –4 వేస్తున్నారు" అని ఉంది. అలా వేస్తే విచక్షణి –8 బదులు –16 వస్తుంది, రెండూ రుణమే కాబట్టి వాస్తవ మూలాలు లేవనే జవాబు సరిపోతుంది, తప్పు బయటపడదు. అందుకే వచ్చే ఏడాది ఆ చీటీలోని సమీకరణాన్ని x² – 2x – 3 = 0గా మారుస్తున్నాను. అక్కడ 4 + 12 = 16 రావాలి, గుర్తు తప్పితే 8 వస్తుంది, దిద్దేటప్పుడు వెంటనే తెలిసిపోతుంది. కాకపోతే మైనస్ 3 వల్ల అది కొంచెం గట్టిపడింది, కాబట్టి ఆ చీటీ మీద పాత సంఖ్య కొట్టేసి ప్రస్తుతానికి ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను.